ముహూర్తం శనివారం రాత్రి 1:18: పెళ్ళివారికి ఫొటోగ్రాఫర్ ఏమని మెసేజ్ పెట్టాలి?

ప్రశ్న: రాజమండ్రిలో పెళ్ళి ఫొటోలు తీస్తాను. మొత్తం నలుగురం: ఫొటోలకు ఇద్దరం, వీడియోకు ఒకరు, లైట్లకు ఒక కుర్రాడు. పోయిన సీజన్‌లో ఒక పెళ్ళికి ‘ముహూర్తం రాత్రి 10:36, మేం 7 గంటలకల్లా ఉంటాం, మొత్తం పెళ్ళి కవర్ చేస్తాం’ అని మెసేజ్ పెడితే పెళ్ళికూతురి నాన్నగారు బొటనవేలు గుర్తు పెట్టారు. తీరా వెళ్ళేసరికి ఎదురుకోలు అయిపోయింది. ఇవ్వాల్సినదాంట్లో 20 వేలు ఇంకా పట్టి ఉంచారు. ఇప్పుడు శ్రావణంలో అమలాపురం దగ్గర పల్లెలో ఒక పెళ్ళి ఒప్పుకున్నాను. మగపెళ్ళివారు రాజమండ్రివాళ్ళే, ఇద్దరికీ కలిపి నన్నే పెట్టుకున్నారు. కార్డులో ‘22వ తేదీ శనివారం రాత్రి 1:18’ అని ఉంది. శనివారం పొద్దున 8:20కి ఇక్కడ పెళ్ళికొడుకుని చేస్తారట, దాదాపు అదే వేళకు అక్కడ పెళ్ళికూతుర్ని చేస్తారట. రెండూ కావాలంటున్నారు. టైములు ఖాయం చేస్తూ మెసేజ్ ఎలా రాయాలి? వాన, కరెంటు, మాలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోవడం... ఇవి కూడా రాస్తే ‘శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే అపశకునం మాటలేంటి’ అంటారేమోనని భయం.
— ఓ ఫొటోగ్రాఫర్, రాజమండ్రి

జవాబు: మిగతా టైముల సంగతి తర్వాత, ముందు తేదీ తేల్చుకోండి. పంచాంగంలో వారం మారేది సూర్యోదయానికి, మన ఫోన్‌లో మారేది అర్ధరాత్రికి. అందుకని పురోహితుడు ‘శనివారం రాత్రి 1:18’ అంటే ఫోన్ లెక్కలో అది 23వ తేదీ ఆదివారం, తెల్లవారుజామున 1:18. కొన్ని కార్డుల్లో పక్కనే చిన్న అక్షరాలతో ‘తెల్లవారితే ఆదివారం’ అని వేస్తారు. కొన్నింట్లో నేరుగా 23 అనే వేస్తారు. ఆడపెళ్ళివారి కార్డు ఒకలా, మగపెళ్ళివారి కార్డు ఒకలా ఉండటమూ మామూలే. కాబట్టి కార్డు ఫొటో వాట్సాప్‌లో వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. మీ వీడియోగ్రాఫర్ 23 అని చూసి ఆదివారం రాత్రికి సిద్ధమయ్యే ప్రమాదం ఉంది. లేదా 22 మీదే గుర్తు పెట్టుకుని, ఆదివారం పొద్దున ఇంకో పని ఒప్పేసుకునే ప్రమాదం ఉంది. రెండోదే ఎక్కువగా జరుగుతుంది.

దీనికి తేలికైన ఉపాయం ఒకటుంది. ‘ముహూర్తం ఏ తేదీ?’ అని అడగకండి, ‘చుట్టాలకు భోజనాలు ఏ రోజు రాత్రి?’ అని అడగండి. ముహూర్తం తేదీలో తడబడేవాళ్ళు కూడా భోజనాల తేదీలో తడబడరు, ఎందుకంటే వంటవాళ్ళకు అడ్వాన్సు ఇచ్చింది ఆ తేదీకే.

రెండో సంగతి. కార్డు మీద 1:18 అని ఉన్నది జీలకర్ర బెల్లానికి, తాళికి కాదు. మీకు తెలిసిందే, కానీ మీ మెసేజ్ చదివే పెళ్ళికొడుకు స్నేహితుడికో, హైదరాబాద్ నుంచి వచ్చే అన్నయ్యకో తెలియకపోవచ్చు. లగ్నం సుమారు రెండు గంటలు ఉన్నా, అందులో పురోహితుడు ఎంచుకున్న పుష్కరాంశ పావుగంటలోపే ముగుస్తుంది. అందుకే ఆ నిమిషం ఎవరి కోసమూ ఆగదు. మిగతావన్నీ అరగంట అటూ ఇటూ జరుగుతాయి. మీ మెసేజ్‌లో గడియారం టైము గట్టిగా వేయాల్సింది ఈ ఒక్కదానికే. మిగతావాటికి ‘ఫలానాది అయ్యాక ఇంతసేపటికి’ అని రాయండి. పోయినసారి మీరు ‘7 గంటలకు’ అని రాసింది మీరు వచ్చే టైము. వాళ్ళకు కావాల్సింది ఏ తంతు మొదలయ్యేసరికి కెమెరా అక్కడ ఉంటుందన్నది. ఎదురుకోలు ముహూర్తాన్ని బట్టి జరగదు, పెళ్ళికొడుకు బస్సు ఎప్పుడు చేరితే అప్పుడు జరుగుతుంది. బస్సు 6:30కే చేరి ఉంటే 7 గంటలకు వచ్చిన ఫొటోగ్రాఫర్ ఆలస్యంగా వచ్చినట్టే.

అందుకని 1:18 నుంచి వెనక్కి లెక్క వేసుకుందాం. వరుస పురోహితుణ్ణి బట్టి, కులాచారాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఇది మీరు ఆయనకు చదివి వినిపించి సరిచేసుకోవాల్సిన చిత్తు మాత్రమే. 1:18కి జీలకర్ర బెల్లమైతే, మేనమామ పెళ్ళికూతుర్ని బుట్టలో తీసుకొచ్చి తెర వెనక కూర్చోబెట్టేది ఇంచుమించు 12:30కి. కాళ్ళు కడగడం, కన్యాదానం ఆ మధ్యలో నడుస్తాయి. పెళ్ళికొడుకు పీటల మీద కూర్చుని గణపతి పూజ, పుణ్యాహవాచనం మొదలయ్యేది 11:30 ప్రాంతంలో. సరిగ్గా అదే సమయంలో లోపలి గదిలో పెళ్ళికూతురి గౌరీపూజ జరుగుతుంటుంది. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు తప్పనిసరిగా ఉండాల్సింది ఇక్కడే. 11:30 నుంచి 12:30 వరకు ఒకరు మండపంలో, ఒకరు గౌరీపూజ దగ్గర ఉంటారు. గౌరీపూజ దగ్గర ఉన్న మనిషి బుట్టతో పాటే నడిచి వస్తే 12:45కి ఇద్దరూ మండపం దగ్గరే ఉంటారు.

ఇద్దరూ అక్కడ ఎందుకంటే, మధ్యలో తెర ఉంది. తెరకు ఒక పక్క ఉన్నవాళ్ళకు ఒక్క ముఖమే కనిపిస్తుంది. తెర దించిన క్షణానికి పురోహితుడు, అమ్మాయి తండ్రి, మేనమామ, ఇంకో నలుగురు వంగి ఉంటారు, కింద ఉన్నవాళ్ళంతా అక్షింతలు వేయడానికి లేచి ముందుకు వస్తారు, చేతుల్లో ఫోన్లు ఉంటాయి. ఒకరు ఎదురుగా నిలబడి, ఇంకొకరు పెళ్ళికూతురి పక్క నుంచి కాస్త ఎత్తులో ఉంటేనే తలల మీద రెండు చేతులూ కలిపి ఒక్క ఫ్రేములోనైనా పడతాయి. మండపం ముందు అయిదు నిమిషాలు ఖాళీగా ఉంచే బాధ్యత ఎవరైనా ఇంటి మనిషికి అప్పగించమని మెసేజ్‌లో అడగండి. ఆ మాట ఫొటోగ్రాఫర్ నోట వస్తే చుట్టాలకు కోపం వస్తుంది, బాబాయో బావో అంటే నవ్వేసి పక్కకు జరుగుతారు.

1:18 తర్వాత కథ వేరు. అక్షింతలు, మధుపర్కాలు కట్టుకుని రావడం అయ్యి మాంగల్యధారణ జరిగేసరికి 2 అవుతుంది, ఒక్కోసారి 2:15. తలంబ్రాలు, బిందెలో ఉంగరాలు, హోమం, సప్తపది, మెట్టెలు, అరుంధతి దాటేసరికి 4 అవుతుంది. అర్ధరాత్రి ముహూర్తానికి ఉన్న ఇబ్బందేంటంటే, జీలకర్ర బెల్లం అవగానే సగం మంది వెళ్ళిపోతారు, ముసలివాళ్ళు పడుకుంటారు. ‘అమ్మమ్మతో గ్రూప్ ఫొటో లేదేంటి’ అని ఆల్బమ్ వచ్చాక అడుగుతారు. అందుకే కుటుంబాల గ్రూపులు భోజనాల వేళ, 9 నుంచి 10:30 లోపు తీసేయాలి. తెర దించేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకూడదనే పట్టింపు ఉన్న ఇళ్ళలో అప్పుడు జంటను కలిపి నిలబెట్టలేరు, ఎవరి పక్షం వాళ్ళు విడివిడిగా దిగాలి. ఇది వాళ్ళను ముందే అడిగి తెలుసుకోవాలి. ముందే రిసెప్షన్‌లా స్టేజీ మీద కూర్చోబెట్టే ఇల్లయితే ఈ చిక్కు లేదు.

ఇప్పుడు మీ అసలు ముడి: శనివారం పొద్దున రెండు ఊళ్ళలో ఒకే వేళ. శనివారం రాహుకాలం 9 నుంచి 10:30 వరకు. అందుకే రెండు ఇళ్ళవాళ్ళూ 9 లోపే ముగించాలని చూశారు. మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, పెళ్ళికొడుకుని చేయడం శుక్రవారానికి మార్చుకోగలరేమో అడగడం. చాలా ఇళ్ళలో పెళ్ళికి ముందురోజో, మూడో రోజో, అయిదో రోజో చేస్తారు కాబట్టి పురోహితుడికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. మీకు ఖర్చు పెరగదు, మీ నలుగురూ ఒకేచోట ఉంటారు. నష్టం వాళ్ళకే: శనివారం పొద్దున దిగే చుట్టాలు ఆ ఫొటోల్లో ఉండరు. అది వాళ్ళు తేల్చుకోవాల్సిన విషయం, మీరు బలవంతం చేయకూడదు.

రెండోది, పెళ్ళికూతుర్ని చేయడం రాహుకాలం దాటాక 10:45కి పెట్టుకోమనడం. కాగితం మీద ఇది బాగుంటుంది, 9కి రాజమండ్రిలో ముగించి బయల్దేరితే చేరిపోతారు. కానీ సాయంత్రం పెళ్ళికొడుకు బయల్దేరే ఘట్టానికి మళ్ళీ రాజమండ్రి రావాలి, మళ్ళీ వెళ్ళాలి. రాత్రి 4 గంటల దాకా నిలబడాల్సిన మనిషి పగలంతా కారులోనే ఉంటాడు. దీన్ని నేనైతే ఒప్పుకోను.

మూడోది, జట్టు రెండుగా చీలడం. మీ రెండో ఫొటోగ్రాఫర్, లైట్ల కుర్రాడు పొద్దున్నే సామానుతో పల్లెకు వెళ్ళిపోతారు. మీరు, వీడియో ఆయన పెళ్ళికొడుకు దగ్గర ఉంటారు. అప్పుడు పెళ్ళికూతుర్ని చేసే తంతుకు వీడియో ఉండదు. అది కూడా కావాలంటే అమలాపురంలోనే ఒక వీడియోగ్రాఫర్‌ని పూటకు మాట్లాడుకోవాలి, ఆ ఖర్చు ఎవరిదో ఇప్పుడే తేలాలి. అలా బయటి మనిషిని తెస్తే రెండు విషయాలు ముందే చెప్పండి: సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి ఇంకోలా పెడితే ట్యూబ్‌లైట్లు, చవకరకం ఎల్‌ఈడీలు ఉన్నచోట వీడియోలో చారలు కదలొచ్చు, రెండు వీడియోలూ ఎడిటింగ్‌లో అతకవు. అన్ని కెమెరాల గడియారాలూ ఒకే ఫోన్ చూసి సరిచేయండి. లేకపోతే మూడు కెమెరాల ఫొటోలు వరుసలో పెట్టేటప్పుడు తలంబ్రాలు తాళి కంటే ముందు వస్తాయి.

ముందు మొదటి దారి అడిగి, కుదరకపోతే మూడోదానికి వెళ్ళండి. మూడోదానిలో ఇంకో లాభం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ప్రయాణం. రాజమండ్రి నుంచి వేమగిరి, జొన్నాడ, రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం వైపు కారులో మామూలుగా గంటన్నర నుంచి గంటాముప్పావు. ఈ అంకె మెసేజ్‌లో రాయకండి, ఎందుకంటే పెళ్ళివారు వచ్చేది బస్సులో. బస్సు 4:30కి అంటే కొబ్బరికాయ కొట్టి, దిష్టి తీసి, మరిచిపోయిన సూట్‌కేసు తెచ్చుకుని కదిలేసరికి 5:15 దాటుతుంది. రావులపాలెంలో టీకి ఆపుతారు. పల్లె చేరేసరికి 8. కాబట్టి ఎదురుకోలుకు ‘సుమారు 8, బస్సు విడిదికి చేరిన పావుగంటకు’ అని రాయండి. మీరు బస్సు ఎక్కకండి. బస్సు కదిలే ఫొటో తీసి మీ బండిలో దాన్ని దాటి వెళ్ళిపోతే కనీసం అరగంట ముందు దిగుతారు. ‘మాతోనే బస్సులో రండి, సరదాగా ఉంటుంది’ అని అడుగుతారు. వస్తే బస్సులోని అల్లరి ఫొటోల్లో పడుతుంది నిజమే, కానీ బస్సు ఎక్కడ ఆగితే మీరూ అక్కడే ఆగాలి, దిగేటప్పుడు పెళ్ళికొడుకు వెనక ఉంటారు గానీ ముందు ఉండరు. అంతగా కావాలంటే వీడియో ఆయన్ని రావులపాలెం దాకా ఎక్కించి, టీ దగ్గర దించుకోండి.

శ్రావణంలో ఇంకో విషయం. గోదావరికి వరద వస్తే లంక ఊళ్ళకు వెళ్ళే కాజ్‌వేలు మునిగిపోతాయి. మీ పల్లెకు దారిలో కాజ్‌వే ఉందా, మునిగితే ఊళ్ళోవాళ్ళు ఏ దారిన వస్తారు అని పెళ్ళికూతురి ఇంట్లో మగవాళ్ళనెవరినైనా అడగండి. రావులపాలెం దగ్గర రోడ్డు కట్టేసినా రామచంద్రపురం, యానాం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి ముమ్మిడివరం నుంచి రావచ్చు. దూరం బాగా పెరుగుతుంది, కనీసం ముప్పావుగంట అదనంగా వేసుకోండి.

ఇక అపశకునం సంగతి. మీ భయం సగం నిజమే. ‘నాకు ఏమైనా అయితే’, ‘కరెంటు పోతే ఫొటోలు రావు’ అని రాస్తే ఎవరికైనా చివుక్కుమంటుంది. అదే విషయాన్ని మీరు చేసిన ఏర్పాటుగా రాస్తే ఎవరూ ఏమీ అనుకోరు, పైగా ధైర్యంగా ఉంటారు. జనరేటర్ మాట్లాడుకున్నవాళ్ళను ఎవరూ అపశకునం అనరు కదా. మెసేజ్ చివర్లో ‘మా ఏర్పాట్లు’ అని నాలుగు వాక్యాలు చాలు.

కానీ ఆ నాలుగు వాక్యాలూ నిజమవ్వాలి. మనిషి విషయంలో అన్నిటికంటే గట్టి ఏర్పాటు అదనపు కెమెరా కొనడం కాదు, ముహూర్తం జరిగే ఊళ్ళో సాయంత్రం నుంచే ఒక కెమెరా ఉండటం. నేను ఇందాక అన్న లాభం ఇదే. మీ రెండో ఫొటోగ్రాఫర్ పొద్దున్నే అక్కడ ఉంటే, జొన్నాడ దగ్గర రెండు గంటలు మీరు ఇరుక్కుపోయినా ఎదురుకోలు పోదు, జీలకర్ర బెల్లం పోదు. కాబట్టి అతని పేరు, నంబరు మెసేజ్‌లో ఉండాలి. తంతుల వరుస రాసిన కాగితం అతని జేబులోనూ ఉండాలి.

కరెంటు విషయంలో, పోయాక జనరేటర్ వేసేలోపు రెండు మూడు నిమిషాలు చీకటి. ఆ రెండు నిమిషాల్లోనే 1:18 ఉండొచ్చు. మండపం దగ్గర బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ లైట్లు రెండు పెట్టి, వీడియో కెమెరాను అడాప్టర్ మీద కాక బ్యాటరీ మీదే నడపండి. లేదా 1 గంటకే హాలును జనరేటర్ మీదకు మార్చేసి 1:30 దాకా అలాగే ఉంచమని అడగొచ్చు. డీజిల్ కాస్త ఖర్చవుతుంది, మనిషి దగ్గర నిలబడాలి. పల్లెల్లో నేను రెండోదాన్నే అడగమంటాను, కానీ ఒప్పుకోకపోయినా మీ లైట్లు మీ దగ్గర ఉండాలి. వాన పడితే దెబ్బ తినేది ముఖ్యంగా ఎదురుకోలు, రోడ్డు మీద జరుగుతుంది కాబట్టి. తడి నేల మీద వైర్లు లాగనివ్వకండి, షాక్ కొడుతుంది. వాన పడితే ఎదురుకోలు ఎక్కడ, విడిది వరండాలోనా, హాలు గుమ్మం దగ్గరా అని ఇప్పుడే అడిగితే అక్కడ వెలుగు ఎలా ఉందో మీ కుర్రాడు పొద్దున్నే చూసి పెడతాడు.

ఫొటోలు పోకుండా ఉండటానికి: రెండు కార్డులు పట్టే కెమెరాలైతే రెండింట్లోనూ ఒకేసారి పడేలా పెట్టండి, ఒకటి నిండాక రెండోది అనే పద్ధతి వద్దు. రెండు వేర్వేరు డ్రైవుల్లోకి కాపీ అయ్యేదాకా ఏ కార్డునూ ఫార్మాట్ చేయకండి, ఆ రెండు డ్రైవులూ ఒకే బండిలో తేకండి. మెసేజ్‌లో మాత్రం ‘ఒక్క ఫొటో కూడా పోదు’ అని హామీ ఇవ్వకండి, చేస్తున్నది ఏంటో అది రాయండి.

పొద్దున 8 నుంచి మర్నాడు తెల్లవారి అప్పగింతల దాకా ఒకే మనిషి నిలబడలేడు. తెల్లవారాక రాజమండ్రిలో గృహప్రవేశం కూడా అడుగుతారు, చూడండి. రాత్రంతా మేలుకున్న డ్రైవర్‌తో హైవే మీద తెల్లవారుజామున రావడం కంటే, గృహప్రవేశానికి రాజమండ్రిలో వేరే ఫొటోగ్రాఫర్‌ని పెట్టడం మేలు. లేదా దాన్ని మధ్యాహ్నానికి పెట్టుకోగలరేమో అడగండి. రెండూ కుదరకపోతే అప్పగింతలతో మీ పని ముగుస్తుందని రాసేయండి. రాయకపోతే ఉన్నట్టే అనుకుంటారు.

ఇవన్నీ ఫోన్లో మాట్లాడాక, పెళ్ళికి వారం ముందు పెట్టాల్సిన మెసేజ్ ఇలా ఉండొచ్చు. మూడో దారి తీసుకున్నట్టు రాస్తున్నాను:

‘నమస్కారమండీ. పెళ్ళి ఫొటోలు, వీడియో గురించి ఫోన్లో అనుకున్నవి ఇక్కడ రాస్తున్నాను, ఒకసారి చూడండి.

ముహూర్తం: 22 శనివారం రాత్రి భోజనాలయ్యాక, 12 దాటాక 1:18 (తెల్లవారితే 23 ఆదివారం). ఇది జీలకర్ర బెల్లం టైము. తాళి సుమారు 2 గంటలకు అని పురోహితుడు గారు చెప్పారు.

శనివారం పొద్దున 7:45 నుంచి: రాజమండ్రిలో పెళ్ళికొడుకుని చేయడం దగ్గర నేను, వీడియో. అదే వేళకు పల్లెలో పెళ్ళికూతుర్ని చేయడం దగ్గర మా రెండో ఫొటోగ్రాఫర్. అక్కడ వీడియో ఉండదు, కావాలంటే మంగళవారంలోపు చెప్పండి, ఒక మనిషిని మాట్లాడతాను, ఆ ఖర్చు వేరుగా ఉంటుంది.

సాయంత్రం: బస్సు కదిలేదాకా నేను రాజమండ్రిలోనే ఉండి, నా బండిలో ముందు చేరతాను. ఎదురుకోలు బస్సు చేరిన పావుగంటకు, సుమారు 8కి. బస్సు రావులపాలెం దాటగానే ఎవరైనా ఒక ఫోన్ చేయించండి.

రాత్రి 9 నుంచి 10:30: ఇరువైపులా కుటుంబాల గ్రూప్ ఫొటోలు. తప్పకుండా దిగాల్సిన పెద్దవాళ్ళ పేర్లు పంపండి. 11:30 నుంచి గౌరీపూజ దగ్గర ఒకరు, పీటల దగ్గర ఒకరు. 12:45 నుంచి అందరం మండపం దగ్గరే.

అప్పగింతలతో మా పని పూర్తవుతుంది. గృహప్రవేశం ఇందులో లేదు.

మాకు కావాల్సినవి: తాళం ఉన్న ఒక గది, అందులో ప్లగ్ పాయింట్లు. రాత్రి 8:30కి మా వాళ్ళకి భోజనం. 1:15 నుంచి 1:20 వరకు మండపం ముందు ఎవరూ అడ్డు రాకుండా చూసే మీ ఇంటి మనిషి ఒకరు.

మా ఏర్పాట్లు: ముహూర్తానికి ఒక కెమెరా పొద్దున్నుంచీ పల్లెలోనే ఉంటుంది, నా ఫోన్ కలవకపోతే రెండో ఫొటోగ్రాఫర్‌కి చేయండి (నంబరు కింద ఉంది). మండపానికి బ్యాటరీ లైట్లు తెస్తున్నాం. ప్రతి ఫొటో రెండు కార్డుల్లో పడుతుంది.

దయచేసి ఈ మూడింటికీ జవాబు రాయండి: 1. చుట్టాలకు భోజనాలు ఏ రోజు రాత్రి? 2. వాన ఉంటే ఎదురుకోలు ఎక్కడ? 3. ఆ రోజు ఫోన్ ఎత్తే మనిషి ఎవరు, నంబరు?’

చివర్లో మూడు ప్రశ్నలు ఎందుకంటే, బొటనవేలు గుర్తు ఒప్పుదల కాదు, చూశామన్న గుర్తు మాత్రమే. మూడు ప్రశ్నలకు జవాబు రావాలంటే మెసేజ్ చదవాలి. జవాబు రాకపోతే రెండు రోజులు ఆగి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినవి మీరే టైప్ చేసి ‘ఇలా చెప్పారు’ అని పెట్టండి.

ఎవరికి పెట్టాలన్నది ఇంకో చిక్కు. పెళ్ళికూతురి నాన్నగారికి పెట్టడం మర్యాద, కానీ ఆ రోజు ఆయన ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో ఆయనకే తెలియదు. రెండు ఇళ్ళ పెద్దలకూ ఒకే మెసేజ్ పెట్టండి, కింద మూడో ప్రశ్నలో వచ్చిన ఇద్దరి నంబర్లకూ అదే పంపండి. ఇద్దరినీ కలిపి గ్రూప్ పెట్టడం సులువుగా కనిపిస్తుంది, కానీ వియ్యాలవారి మధ్య ‘వాళ్ళకు వీడియో పెట్టారు, మాకు లేదు’ అన్న మాట గ్రూప్‌లో మొదలైతే మధ్యలో నలిగేది మీరే. విడివిడిగా పంపండి, అక్షరం మార్చకుండా పంపండి. శుక్రవారం సాయంత్రం చిన్న మెసేజ్ ఇంకొకటి: ఎవరు ఎన్ని గంటలకు ఎక్కడ ఉంటారో రెండు వాక్యాలు, ఆ మధ్యలో మారినది ఏదైనా ఉంటే అది. వారం ముందు మెసేజ్‌లో ఉన్నవన్నీ మళ్ళీ రాస్తే ఏది కొత్తదో వాళ్ళకు తెలియదు.

పాత పెళ్ళివారి 20 వేల గురించి ఒక్క మాట. ‘మొత్తం పెళ్ళి కవర్ చేస్తాం’ అని మీరే రాశారు కాబట్టి ఎదురుకోలు అందులో లేదని వాదించడానికి మీ చేతిలో ఏమీ లేదు. ఆ డబ్బు కోసం గట్టిగా అడిగితే రావచ్చు, కానీ ఆ వీధిలో ఇక పని రాదు. కొంత తగ్గించుకుంటానని మీరే ఒక అంకె చెప్పొచ్చు, అప్పుడు మిగతాది త్వరగా వస్తుంది, కానీ తప్పు మీదేనని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టవుతుంది. ఎదురుకోలులో చుట్టాలు ఫోన్లలో తీసినవి సేకరించి, బాగున్నవి సరిచేసి ఆల్బమ్‌లో రెండు పేజీలు ఉచితంగా కలుపుతానని అడగడం మూడో పద్ధతి. దానికి మీకు అయ్యేది రెండు రోజుల పని. ఆ ఫోన్ ఫొటోలు ఇంకా ఎవరి దగ్గరైనా ఉన్నాయేమో ముందు పెళ్ళికూతురి తమ్ముణ్ణో, అన్ననో అడిగి చూడండి. వాట్సాప్‌లో కాకుండా అసలు ఫైళ్ళు ఇమ్మనండి, వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోయి ఆల్బమ్ పేజీకి పనికిరాదు.